చేపల తొట్టె: నీళ్ళెన్ని? బరువెంత?



పిల్లల పోరు పడలేక మా ఇంట్లోకి మూడడుగుల చేపల తొట్టె వచ్చింది. కొట్టతను “160 లీటర్లదమ్మా” అన్నాడు. కొన్నాళ్ళకు చేపల ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు కనబడితే, ఆ 160 లీటర్ల లెక్కకే మందు కలిపాను. తెల్లవారేసరికి రెండు చేపలు తేలిపోయాయి. మోతాదు మించిందేమోనని అప్పుడు టేపు తీశాను.

కొట్లో చెప్పేది బయటి కొలత. పొడవు 90, వెడల్పు 40, ఎత్తు 45 సెంటీమీటర్లు. మూడూ హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 162 లీటర్లు. నిజమే. కాని అద్దం మందం పోను లోపలి పొడవు 88, వెడల్పు 38. నీళ్ళు అంచుదాకా పొయ్యం కదా, మా తొట్టెలో నీటి లోతు 40. ఈ లెక్కన 134 లీటర్లే!

అందులోనూ అడుగున 5 సెంటీమీటర్ల మందాన గులకరాళ్ళు పరిచాం. అవి ఆక్రమించే చోటు సుమారు 17 లీటర్లు. అయితే మొత్తం 17 తీసెయ్యకూడదు. గులకల సందుల్లో నీరుంటుంది. సుమారుగా అయిదింట రెండు వంతులు సందులే. కనుక తీయవలసింది 10 లీటర్లు. ఇక అలంకారానికి పెట్టిన పెద్ద రాళ్ళు. బకెట్ నిండా నీళ్ళు పోసి, రాయిని ముంచి, పొర్లిన నీళ్ళు కొలవండి. మావి 3 లీటర్లు తేలాయి. అంటే అసలు నీళ్ళు 121 లీటర్లు. నేను మందు మూడోవంతు ఎక్కువ పోశానన్నమాట!

ఈ హెచ్చవేతలు మాకెందుకంటారా? రాళ్ళన్నీ సర్దాక, మొదటిసారి నింపేటప్పుడు ఎన్ని లీటర్లు పోశారో లెక్కపెట్టి, కాగితంమీద రాసి మూత వెనక అంటించండి. చాలు.

ఇక బరువు. రాళ్ళవల్ల నీళ్ళు తగ్గాయి గనుక బరువూ తగ్గుతుందనుకునేరు! పోయింది 13 కిలోల నీరు, వచ్చింది 27 కిలోల గులక, 8 కిలోల రాళ్ళు. నీళ్ళు 121, ఎనిమిది మిల్లీమీటర్ల అద్దం దాదాపు 30, మూతా దీపం 4 కలిపితే 190 కిలోలు. ఇంచుమించు నాలుగు సిమెంటు బస్తాలు! మొదట్లో రేడియో బల్లమీద పెట్టాను. సగం నింపేసరికే బల్ల నడుమ కుంగింది. వెంటనే తోడేశాను కనుక అద్దం దక్కింది.

తర్వాత ఇనుప స్టాండు చేయించాం. నాలుగు కాళ్ళూ సమంగా ఆనితే కాలికి 48 కిలోలు. నేల ఎగుడుదిగుడైతే ఒక కాలు తేలి, భారమంతా మిగతావాటిమీద పడుతుంది. తొట్టె మెలితిరిగి అతుకు వదులుతుంది. అందుకని నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి ఆగండి. నీటిగీతనుంచి పై అంచుకు నాలుగు మూలలా కొలవండి. తేడా ఉంటే తొట్టె ఖాళీ చేసి, స్టాండు కాలికింద రేకుముక్క పెట్టండి. తొట్టెకింద మాత్రం పెట్టకండి. అద్దానికి ఒకేచోట ఒత్తిడి తగిలితే పగులుతుంది.

నాలుగు మూలలూ సమమైతే మిగతా నీళ్ళు పోయవచ్చు. సెలవు.