ఫండ్ అమ్మాం, డబ్బు ఏదీ?

ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అమ్మితే, మామూలుగా రెండు పనిదినాల్లో డబ్బు బ్యాంకులో పడుతుంది. గుర్తుంచుకోండి, పనిదినాలు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి అమ్మారనుకుందాం. గడువు మధ్యాహ్నం మూడు గంటలకే అయిపోయింది. కాబట్టి మీకు సోమవారం ధర వస్తుంది. అక్కణ్ణుంచి రెండు పనిదినాలు. అంటే డబ్బు బుధవారం పడుతుంది. మధ్యలో సెలవొస్తే గురువారం. ఇది ఆలస్యం కాదు, కంగారు పడకండి.

గురువారమూ దాటిపోయిందా? అప్పుడు ఫండ్‌లో నమోదైన బ్యాంకు ఖాతా చూడండి. మన దగ్గర చాలామందికి ఆంధ్రా బ్యాంకు ఖాతాలుండేవి. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది. తర్వాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి. ఎప్పుడో పెట్టిన ఫండ్‌లో పాత కోడే ఉండిపోతే, పంపిన డబ్బు వెనక్కి వెళ్లిపోవచ్చు. అది పోదు, ఫండ్ సంస్థ దగ్గరే ఉంటుంది. కానీ మీరు అడగాలి.

ఏమని అడగాలి? యూటీఆర్ నంబరు అడగండి. అది ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య. అది చూపిస్తే డబ్బు జమైందో, తిరిగెళ్లిందో బ్యాంకు వాళ్లు చెప్పగలరు. తిరిగెళ్లిందంటే, రద్దు చేసిన చెక్కు జతచేసి ఖాతా వివరాలు మార్పించుకోండి.

తప్పు ఫండ్ సంస్థదే అయి, మూడు పనిదినాలు దాటితే, ఏడాదికి 15 శాతం లెక్కన వడ్డీ మీకివ్వాలని సెబీ నిబంధన. అది మీ హక్కు. మొహమాటపడకుండా అడగండి.

అమ్మకముందే ఖాతా నంబరు, కోడ్ ఒకసారి సరిచూసుకోండి.