తాళం వేయడం వేరు, వేలిముద్ర తీయడం వేరు



కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ వెబ్‌సైటులో నా పాస్‌వర్డ్ మరచిపోయాను. ఆ మాట తెలియజేయగానే నా పాత పాస్‌వర్డే ఈ-మెయిలులో వచ్చింది. పని సులువైందని సంతోషించాను. అది భయపడవలసిన సంగతి అని తరువాత గ్రహించాను. ఎందుకో చిన్న లెక్కతో మనవి చేస్తాను.

ముందు తాళం సంగతి. 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుందాం. వాటి లబ్ధం 33. ఒక్కొక్కదానిలో ఒకటి తగ్గించి గుణిస్తే 20. ఈ 20తో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యగా 3ను ఎంచుకుందాం. ఆ 3ను 7తో గుణిస్తే 21. దాన్ని 20తో భాగిస్తే శేషం 1. 33, 3 అనే జంటను ఊరంతా చాటవచ్చు. అది బహిరంగ తాళంచెవి. 7 మాత్రం నా రహస్యం.

మీరు నాకు 4 అనే అంకె పంపాలి. మూడు నాలుగులను గుణిస్తే 64. 33తో భాగించగా శేషం 31. దారిలో ఆ 31 ఎవరి కంటబడినా ఫరవాలేదు. నేను ఏడు 31లను గుణించి శేషం చూడాలి. రెండు 31ల లబ్ధం 961, శేషం 4. కనుక ఆరు 31లకు మూడు నాలుగులు, అంటే 64, శేషం 31. మిగిలిన 31తో గుణిస్తే మళ్లీ 961, శేషం 4. మీరు పంపినదే నా చేతికి వచ్చింది.

అయితే 33ను విడదీసి 3, 11 అని బడిపిల్లవాడైనా చెప్పగలడు. అది తెలిస్తే 7 కూడా బయటపడుతుంది. అందుకే వాడుకలో ఆ లబ్ధం ఆరువందల అంకెలకు పైబడి ఉంటుంది. దాన్ని విడదీయడం నేటి కంప్యూటర్లకు సాధ్యం కావడం లేదు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మాన్ రూపొందించిన ఈ పద్ధతికి ఆర్‌ఎస్‌ఏ అని పేరు.

హ్యాష్ అనేది తాళం కాదు, వేలిముద్ర వంటిది. 4271లోని అంకెలను కూడితే 14. 3911కీ 14 వస్తుంది. ఆ 14ను చూసి మొదటి సంఖ్య ఏదో చెప్పగల తాళంచెవి లేదు. ఇది నమూనా మాత్రమే. నిజమైన హ్యాష్‌లో ఒకే ముద్ర వచ్చే రెండు మాటలను వెతికి పట్టడం కూడా ఆచరణలో అసాధ్యం కావాలి.

జాగ్రత్త గల సంస్థ పాస్‌వర్డ్‌ను దాచదు, దాని ముద్రను దాస్తుంది. మనం టైపు చేసినదానికి మళ్లీ ముద్ర తీసి పోల్చుతుంది. కనుక పాతది చెప్పమన్నా చెప్పలేదు, కొత్తది పెట్టుకోమంటుంది. నాకు పాతదే వచ్చిందంటే, వారు దాన్ని ఉన్నదున్నట్టుగానో, తాళం వేసి తాళంచెవి దగ్గర పెట్టుకునో ఉంచారన్నమాట. లోపలికి చొరబడినవాడికి ఆ తాళంచెవి కూడా దొరకవచ్చు.

హ్యాష్‌కూ హద్దుంది. నాలుగంకెల పాస్‌వర్డ్ అయితే దొంగ 0000 నుంచి 9999 వరకు పదివేలకూ ముద్రలు తీసి సరిపోల్చుకుంటాడు. వెనక్కి దారి లేకపోయినా, ఊహించే దారి ఉంటుంది.

ఆనాడే ఆ పాస్‌వర్డ్ మార్చాను. అదే పాస్‌వర్డ్ పెట్టుకున్న మిగతా చోట్లా మార్చాను. మీకెప్పుడైనా పాత పాస్‌వర్డే తిరిగి వస్తే, మీరూ అలాగే చేయండి.