ఒక్క పంతులు, మూడు తరగతులు

మన కోయగూడెం బడిలో పంతులు ఒక్కరే, గది ఒక్కటే, తరగతులు మూడు. తరగతికో పాఠం చెప్పబోతే ఒకరు నేర్చుకుంటారు, మిగతావాళ్లు ఎక్కాలు చూసి రాస్తూ కూర్చుంటారు.

అందుకే ముగ్గురికీ పాఠం ఒక్కటే పెట్టండి: కూడిక. ఒకటో తరగతి చింతగింజలు కలుపుతుంది. రెండో తరగతి పదేసి పుల్లల కట్టలతో 23, 14 కలుపుతుంది. మూడో తరగతికి 27, 15 ఇచ్చి మీరక్కడ కూర్చోండి. ఏడూ ఐదూ పన్నెండు. అందులో పది పుల్లలు కొత్త కట్ట. పది నిమిషాలకు గుంపు మారండి.

ప్లానులో మీరు లేని గుంపుల పనే ముందు రాయండి. "అయిపోయింది సార్" అంటూ పిల్లలు మాటిమాటికీ వస్తుంటే ఆ పని చాలలేదన్నమాట.

ఒకటో తరగతికి పని కోయలో చెప్పండి. మీకు రాకపోతే మూడో తరగతి పిల్లతో చెప్పించండి. లేదంటే తెలుగు అర్థంకాని బిడ్డకు లెక్క రాదని రాసేస్తాం.