చనిపోయినవాళ్లు 20 మంది అన్నది నిజం, ‘స్మగ్లర్లు’ అన్నది ఆరోపణ: హెడ్డింగు ఎట్లా రాయాలి?

(యువత శిక్షణలో చేసిన ప్రసంగం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈరోజు నేను మాట్లాడేది ఒకే ఒక్క లైను గురించి. మీరు పెట్టే పోస్టుకి తల మీద ఉండే లైను, హెడ్డింగు. కింద మీరు రెండు పేజీలు రాసినా చాలామంది ఆ ఒక్క లైనే చదువుతారు, దాన్నే ఇంకొకరికి చెప్తారు. అందుకే హెడ్డింగంటే మాట ఇవ్వడం. ‘కింద ఇది దొరుకుతుంది’ అని చదివేవాడికి మాట ఇస్తున్నాం. ఇచ్చిన మాట కింద దొరకాల.

మన కళ్ల ముందు జరిగిన ఒక సంగతి తీసుకుందాం. 2015 ఏప్రిల్ 7. శేషాచలం అడవి, చంద్రగిరి మండలం. అప్పుడు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది జవ్వాది కొండల వైపు మలయాళీ తెగ ఆదివాసులు. ఆ రోజు చాలా చోట్ల కనబడిన హెడ్డింగు ఈ తీరుగా ఉండింది: ‘ఎన్‌కౌంటర్‌లో 20 మంది స్మగ్లర్ల హతం’.

ఇందులో ఒక్కో మాటనూ పట్టుకుని, ‘ఇది ఎవరికి తెలుసు? ఎట్లా తెలుసు?’ అని అడగండి. ‘20 మంది’: శవాలున్నాయి, లెక్క ఉంది, నిజం. ‘స్మగ్లర్లు’: అది పోలీసులు చెప్పిన మాట. ఏ కోర్టూ తేల్చలేదు. చెట్టు కొట్టే కూలీ వేరు, దుంగలు అమ్ముకుని కోట్లు చేసుకునేవాడు వేరు. ‘ఎన్‌కౌంటర్’: అంటే ఎదురెదురు పోరు. కూలీలు రాళ్లతో, గొడ్డళ్లతో మీదికొస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. బస్సుల్లోంచి ముందే పట్టుకెళ్లి కాల్చారని హక్కుల సంఘాలు చెప్పాయి. అంటే గొడవంతా ఆ మాట మీదే. అట్లాంటి మాటను హెడ్డింగులో తేల్చిపారేస్తే, చనిపోయినోడి పెళ్లాంబిడ్డలు మర్నాటి నుంచి స్మగ్లర్ పెళ్లాం, స్మగ్లర్ బిడ్డలు అయిపోతారు.

సరే, అది వాళ్ల తప్పు. ఇంగ మన తప్పు చూద్దాం. కోపంలో మనం ఏం రాస్తాం? ‘20 మంది ఆదివాసులను హత్య చేసిన పోలీసులు’. ఇదే పరీక్ష మనకూ పెట్టండి. 20 మందీ ఆదివాసులేనా? చాలామంది, అందరూ కాదు. హత్య అని తేలిందా? మనం నమ్ముతున్నాం, ఆరోపిస్తున్నాం. అంతే. ఒక్క కుటుంబం ‘మేం ఆ తెగ కాదు’ అన్నా చాలు, మిగతా నిజమంతా అబద్ధమని కొట్టేస్తారు. మన హెడ్డింగులో ఉన్న చిన్న బొక్కలోంచే అవతలోడు దూరతాడు.

మరి ఎట్లా రాయాల? ఇట్లా రాయొచ్చు: ‘శేషాచలం కాల్పుల్లో 20 మంది మృతి: ముందే పట్టుకెళ్లి కాల్చారంటున్న హక్కుల సంఘాలు’. ఇందులో మెత్తదనం ఏమీ లేదు. ఎంత మంది, ఎక్కడ, ఏం ఆరోపణ, ఎవరిది, అన్నీ ఉన్నాయి. కింద ఆ ఆరోపణకు ఆధారాలు రాశారా, మాట నిలబడింది.

ఇక్కడ మన తెలుగుతో ఒక చిక్కుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘అన్నారు’, ‘ఆరోపించారు’, ‘సిఫారసు చేసింది’ అన్నీ తోక మాటలే. ఫోన్లో పొడుగు హెడ్డింగు తోక తెగిపోతుంది. ‘మృతులంతా స్మగ్లర్లేనని పోలీసులు...’ దగ్గర తెగితే చదివేవాడికి మిగిలేది ‘మృతులంతా స్మగ్లర్లే’. అందుకే ఎవరి మాటో ముందు పెట్టండి: ‘పోలీసుల మాట: మృతులంతా స్మగ్లర్లే’. ఇప్పుడు తోక తెగినా తల నిలుస్తుంది. ఇంకోటి, పేపర్లోళ్లు ఆరోపణకు చుట్టూ చిన్న కొటేషన్ గుర్తులు పెట్టి తప్పించుకుంటారు. మన ఊర్లో ఒకడు చదివితే పదిమంది వింటారు. గుర్తులు చెవికి వినపడవు కదా.

ఇంగ ఊరించే హెడ్డింగులు. ‘శేషాచలంలో ఆ రాత్రి ఏం జరిగిందో తెలిస్తే కన్నీళ్లాగవు..!’ ఇట్లాంటిదాన్ని గుర్తుపట్టడం తేలిక. ‘ఆ’, ‘ఈ’ అని చెప్పి పేరు దాస్తుంది. విషయం చెప్పకుండా మీరేం అనుకోవాలో ముందే చెప్తుంది. ఆ దాచిన చోట అసలు పేరు పెట్టి చూడండి. ‘ఆ రాత్రి’ తీసేసి తేదీ, చోటు, మనిషి రాయండి. అప్పుడూ చదవాలనిపిస్తే అది వార్త. అప్పుడు చప్పగా పడిపోతే, కింద సరుకు లేదని అర్థం. మళ్లీ వెళ్లి సమాచారం తెచ్చుకోవాలి.

ఊరించడం వల్ల మనకొచ్చే నష్టం లైకులది కాదు. ఒకసారి నేనే రాశాను: ‘శుభవార్త! గిరిజనులకు పదెకరాల అడవి భూమి, వెంటనే అప్లై చేసుకోండి’. యానాది కాలనీ నుంచి ఇద్దరు పెద్దోళ్లు కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని, ఆధార్ కార్డులు పట్టుకుని ఆఫీసుకు పోయారు. వాళ్లు ఏనాడూ అడవి భూమి దున్నినోళ్లు కాదు. తిరిగొచ్చి నన్ను ఒక్క మాటా అనలేదు. అది ఇంకా నొప్పి.

నేను చేసిన తప్పేంటంటే, 2006 అటవీ హక్కుల చట్టంలో 4 హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు, అనేది పై హద్దు. దాన్ని నేను పంచే వాటాగా రాశాను. ఆ చట్టం కొత్త భూమి పంచదు. 2005 డిసెంబర్ 13 నాటికే మన చేతిలో ఉండి, ఇప్పటికీ మనమే సాగు చేస్తున్న భూమికి హక్కు గుర్తిస్తుంది, అంతే. దరఖాస్తు మొదట పోవాల్సింది గ్రామసభకు. కాబట్టి హెడ్డింగు ఇట్లా ఉండాల్సింది: ‘2005 డిసెంబర్ 13కి ముందు నుంచి అడవి భూమి దున్నుతున్న గిరిజనులా? పట్టా కోసం గ్రామసభకు దరఖాస్తు ఇవ్వండి’. ఇది అందర్నీ పిలవదు. సంబంధం ఉన్నోడు ఆగి చదువుతాడు, లేనోడు ఛార్జీలు మిగుల్చుకుంటాడు. ఎవరికి కాదో చెప్పడం కూడా హెడ్డింగు పనే.

క్రియలో కూడా అదే జాగ్రత్త. శేషాచలం ఘటనలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఒక్కో కుటుంబానికి 5 లక్షల మధ్యంతర సాయం ఇవ్వమని సిఫారసు చేసింది. ‘5 లక్షల పరిహారం’ అని మాత్రమే రాస్తే డబ్బు చేతికొచ్చినట్టు వినపడుతుంది. కమిషన్ సిఫారసు చేయగలదు, డబ్బు ఇవ్వాల్సింది ప్రభుత్వం. అడిగారు, సిఫారసు చేశారు, ఉత్తర్వు వచ్చింది, డబ్బు అందింది: ఇవి నాలుగు వేరే మెట్లు. మీ వార్త ఏ మెట్టు మీదుందో ఆ క్రియే వాడండి.

ఇంటికి పోయాక ఒక పని చేయండి. మీ పాత పోస్టు ఒకటి తీసుకోండి. హెడ్డింగులో ఒక్కో మాట కింద గీత గీసి, దానికి జవాబు చెప్పే వాక్యం కింద ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. వేలికి దొరకని మాటను కొట్టేయండి. మిగిలిన మాటలతో మళ్లీ రాయండి. తర్వాత మీ అమ్మకో, అవ్వకో ఆ లైను ఒక్కటే చదివి వినిపించి, ‘దీంట్లో ఏముంటాదనుకుంటున్నావు?’ అని అడగండి. ఆమె చెప్పింది, మీరు రాసింది ఒకటే అయితే పోస్టు పెట్టండి. కాకపోతే తప్పు ఆమెది కాదు, మన లైనుది.