అరవై రోజుల్లో ఎవరిని అడగాలి?

శాన్ రామన్‌లో మనవాళ్ళకి బాగా తెలిసిన లెక్కతో మొదలుపెడతాను. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, మామూలుగా చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ మొదటి రోజు మనం ఎవరికి ఫోన్ చేస్తాం? శనివారం పాట్‌లక్‌లో కలిసే నాలుగు కుటుంబాలకే కదా. వాళ్ళు ప్రాణం పెట్టి వెతుకుతారు. కానీ వాళ్ళు చూసే ఓపెనింగ్సూ, ఉండే వాట్సాప్ గ్రూపులూ దాదాపు మనవే. కొత్త కబురు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ ముక్క 1973లోనే చెప్పారు మార్క్ గ్రానోవెట్టర్. తర్వాత మన బే అవతల స్టాన్‌ఫర్డ్‌లోనే ప్రొఫెసర్ అయ్యారు. బోస్టన్ పక్కన న్యూటన్‌లో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని ఆయన అడిగాడు: ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? వారానికి రెండుసార్లయినా కలిసేవాళ్ళం అన్నది 100కి సుమారు 17 మందే. ఏడాదికి ఒకసారో, అంతకన్నా తక్కువో అన్నవాళ్ళు 28 మంది. మిగతావాళ్ళు మధ్యలో. చాలాసార్లు ఆ మనిషి పాత కొలీగే.

అలాగని ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ కనెక్షన్ రిక్వెస్టులు పంపితే పని జరగదండీ. 2022లో సైన్స్ పత్రికలో లింక్‌డిన్ మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 2 కోట్ల మంది మీద. ఎక్కువ పనికొచ్చింది మధ్యస్థంగా పరిచయం ఉన్నవాళ్ళు, అంటే సుమారు పది మంది ఉమ్మడి స్నేహితులు ఉన్నవాళ్ళు. మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు. ఇంకోటి, ఇది సాఫ్ట్‌వేర్ లాంటి డిజిటల్ రంగాల్లోనే బలంగా కనిపించింది. మిగతా కొన్ని రంగాల్లో దగ్గరివాళ్ళే మేలు.

సరే, ఎలా వాడుకోవాలి? ఒక ఉదాహరణ అనుకుందాం. ఐదేళ్ళ క్రితం బిషప్ రాంచ్‌లో మీతో ఒక ప్రాజెక్ట్ చేసి, ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాయన. "ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అని రాస్తే ఆయనకి పని పెట్టినట్టు. పాపం, ఎక్కడని వెతుకుతాడు? ముందు మీరే వాళ్ళ కెరీర్స్ పేజీలో ఒక ఉద్యోగం ఎంచుకోండి. అప్పుడే అప్లై చేసెయ్యకండి, చాలా కంపెనీల్లో ముందే అప్లై చేస్తే రిఫరల్ పట్టదు. తర్వాత ఇలా రాయండి: "నమస్తే అండీ, మనం బిల్లింగ్ మైగ్రేషన్ కలిసి చేశాం, గుర్తుందా? మీ దగ్గర ఈ ఉద్యోగం చూశాను, లింకు కింద ఉంది. ఆ టీమ్ ఎలా ఉంటుందో పదిహేను నిమిషాలు మాట్లాడగలరా?" రిఫరల్ మాట ఆ ఫోన్లో, ఆయన మీ పని గుర్తు చేసుకున్నాక ఎత్తండి.

జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. ఆయనకి మనం బాకీ లేం, మనకి ఆయనా లేడు. లాయరు ఫీజుకి అప్పు కావాలన్నా, పిల్లల్ని స్కూలు నుంచి తేవాలన్నా మాత్రం, ఆ నాలుగు కుటుంబాలకే ఫోన్ చేయండి.