తలెత్తి చూశారా? గుంటుపల్లిలో ఒక డిప్లొమా ప్రాజెక్టు



డిప్లొమా విద్యార్థులారా, మా మాస్టారి పేరున జరిగే ఈ సభలో ఆయన ఏళ్ల తరబడి పట్టించుకున్న పని గురించే మాట్లాడతాను. అది టూరిజం, హాస్పిటాలిటీ విద్యార్థులు ఎంచుకునే ప్రాజెక్టు అంశం. 'ఫలానా వారసత్వ స్థలంలో సందర్శకుల అనుభవాన్ని మెరుగుపరచడం' అని శీర్షిక పెట్టి, వందమందికి ప్రశ్నావళి పంచి, చివర మరుగుదొడ్లు కట్టాలి, బోర్డులు పెట్టాలి, ప్రచారం చేయాలి అని ముగించే రిపోర్టులు మన బీరువాల నిండా ఉన్నాయి. స్థలం పేరు మార్చితే అందులో ఏ రిపోర్టయినా ఇంకో ఊరికి సరిపోతుంది. అంశం ఎంత చిన్నదిగా ఉండాలో ఒక్క చోటు తీసుకుని చూపిస్తాను.

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం పక్కనున్న గుంటుపల్లి బౌద్ధ గుహలు మీలో కొందరు చూసే ఉంటారు. మెట్లెక్కి వెళితే కొండలో తొలిచిన విహారాలు, పైన వరసలుగా చిన్న స్తూపాలు, వీటన్నిటితో పాటు గుండ్రటి చైత్యగృహం కనిపిస్తాయి. ఈ చైత్యం క్రీస్తుపూర్వపు నాటిదని పండితుల మాట. లోపల రాతిలోనే మలచిన స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు సన్నని దారి ఉన్నాయి. ఆ స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. శివరాత్రికి జనం బాగా వస్తారు.

ఈ గుహలో అసలు చూడవలసింది కప్పు. అంచుల నుంచి నడిమికి చేరే వాసాలను రాతిలోనే చెక్కారు. రాతికి వాసాల అవసరం లేదు, అవి ఏ బరువూ మోయవు. ఆనాటి కర్ర కట్టడాన్ని శిల్పులు రాతిలో యథాతథంగా దింపారు. బీహారులో బరాబర్ కొండల సుదామ గుహలో ఉన్న గుండ్రటి గది కూడా ఇలా గుడిసెను తలపించేదే. మన కోస్తా పల్లెల్లో తాటాకు చుట్టిల్లు చూసినవారికి ఈ కప్పు వెంటనే అర్థమవుతుంది, తలెత్తితే.

చాలామంది తలెత్తరు. గుమ్మం దాటగానే ఎదురుగా స్తూపం ఉంటుంది. చూపు దాని మీదే ఆగుతుంది. దణ్ణం పెడతారు, ఫొటో తీసుకుంటారు, బయటికొస్తారు. దీనికి ఇంకో కారణం వెలుతురు. ఎండలోంచి వచ్చిన కళ్లు లోపలి చీకటికి అలవాటు పడటానికి కొంత సేపు పడుతుంది. ఆ లోపే వాళ్లు వెళ్లిపోతారు.

కాబట్టి ప్రాజెక్టు ప్రశ్న ఇలా పెట్టుకుందాం: గుహలోకి వెళ్లేముందు ఒక చిన్న కాగితం చేతికిస్తే కప్పు చూసేవాళ్లు పెరుగుతారా?

కాగితం మీద ఏం రాయాలన్నదే పనిలో కష్టమైన భాగం. 1957లో వచ్చిన ఫ్రీమన్ టిల్డెన్ పుస్తకం 'ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్' చెప్పిన మూలసూత్రం ఒకటుంది. చూస్తున్న వస్తువును చూసేవాడి అనుభవంతో ముడిపెట్టలేని వివరణ నిష్ఫలం అని. శతాబ్దాలు, రాజవంశాలు, నిర్మాణ శైలి పేర్లు రాస్తే కాగితం జేబులోకి పోతుంది. నేనైతే ఇంతే రాయమంటాను: 'లోపలికి వెళ్లాక ఒక్క నిమిషం ఆగండి. కళ్లకు చీకటి అలవాటయ్యాక పైకి చూడండి. చుట్టింటి కప్పుకింద వాసాలు ఎలా ఉంటాయో ఇక్కడ రాతిలో అలాగే చెక్కారు.' అది లింగం కాదు, స్తూపం అని దిద్దే మాట అందులో వద్దు. దణ్ణం పెట్టడానికి వచ్చినవారి భక్తిని తప్పుపట్టే పని మన ప్రాజెక్టుది కాదు.

ఇక లెక్క ఎలా తీయాలి? బయటికొచ్చినవారిని 'బాగుందా?' అని అడగొద్దు. ఎదురుగా నిలబడ్డ పిల్లవాడి మొహం చూసి ఎవరైనా బాగుందనే అంటారు. 'పైన ఏం చూశారు?' అని ఒకే ప్రశ్న అడగండి. 'కర్రల్లాంటివి' అన్నా చాలు, చూశారని రాసుకోండి. 'ఏముంది పైన?' అని ఎదురడిగితే చూడలేదని రాసుకోండి.

దీంట్లో రెండు చోట్ల పని చెడుతుంది. మొదటిది, విద్యార్థి లోపల నిలబడి గమనించడం. అతను పైకి చూస్తే వచ్చినవాళ్లూ చూస్తారు. అందుకే గుమ్మం బయటే ఉండాలి. రెండోది, తలలు లెక్కపెట్టడం. ఐదుగురున్న కుటుంబంలో ఒకరు వేలెత్తి చూపితే అయిదుగురూ చూస్తారు. దాన్ని ఐదు జవాబులుగా రాస్తే ఒక్క వేలు చేసిన పనికి ఐదు మార్కులు వేసినట్టు. జట్టును ఒక్కటిగా లెక్కపెట్టాలి.

ఊహకు కొన్ని అంకెలు అనుకుందాం. కాగితం ఇవ్వని 40 జట్లలో 8 జట్లు కప్పు చూశాయి, అంటే 20 శాతం. ఇచ్చిన 40లో 18 చూశాయి, 45 శాతం. తేడా బాగానే కనిపిస్తోంది. కానీ ఇవ్వని జట్లన్నీ మామూలు రోజున వచ్చినవీ, ఇచ్చినవన్నీ ఆదివారం వచ్చినవీ అయితే ఆ తేడా కాగితానిదో, ఆదివారం తీరిగ్గా వచ్చిన మనుషులదో చెప్పలేం. అందుకే ఒకే రోజు ఒక గంట ఇచ్చి, మరుసటి గంట ఆపాలి. మర్నాడు ఆ గంటలు తారుమారు చేయాలి. అప్పుడు వెలుతురు మార్పు రెండు వైపులా సమానంగా పడుతుంది. శివరాత్రి రోజులు ఈ లెక్కకు పనికిరావు. ఆ రద్దీలో ఎవరూ నిమిషం ఆగలేరు.

కాగితమే ఎందుకు, బోర్డు పెట్టొచ్చు కదా అని అడుగుతారు. గుంటుపల్లి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది. అక్కడ విద్యార్థి మేకు కొట్టడానికి వీల్లేదు. కాగితం పంచడానికీ, ప్రశ్నలు అడగడానికీ కాలేజీ ఉత్తరంతో ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇచ్చిన కాగితాలు తిరిగి తీసుకోవాలి, లేకపోతే కొండ నిండా చెత్త మిగులుతుంది.

ఈ రక్షణకు ఆధారమైన చట్టం మన హాస్పిటాలిటీ పిల్లల సూచనలకూ అడ్డు నిలుస్తుంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రదేశం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. కొండ పక్కనే క్యాంటీన్ కట్టాలని రాసిన రిపోర్టు ఈ సంగతి చూసుకోలేదన్నమాట. భోజనం, మజ్జిగ, కూర్చునే నీడ ఊళ్లో ఇప్పటికే ఉన్న ఇళ్లలో ఎలా దొరుకుతాయో చూడండి. ఏ ఇంటివాళ్లు, ఎంతమందికి, ఎంత ముందుగా చెబితే వండిపెట్టగలరో అడిగి తెలుసుకుంటే అది ఇంకో ప్రాజెక్టు అవుతుంది.

మూడో అంశం మెట్ల దగ్గరే ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద ఆగిపోతారు, కుటుంబం పైకెళ్తుంది. వాళ్లెంతసేపు, ఎక్కడ, ఏ నీడలో కూర్చుంటున్నారో గడియారం పట్టుకుని రాసుకున్న విద్యార్థి ఇంతవరకు నాకు కనబడలేదు. పై గుహల ఫొటోలు కుట్టిన ఒక చిన్న పుస్తకం వాళ్ల చేతికిస్తే, దిగివచ్చిన మనవలతో ఆ కప్పు గురించి మాట్లాడతారా లేదా అన్నది కూడా లెక్కకు అందే ప్రశ్నే.

రిపోర్టు రెండు ప్రతులు తీయండి. ఒకటి కాలేజీకి. రెండోది మొత్తం అక్కర్లేదు, కాగితం నమూనా, లెక్కల పట్టిక కలిపి తెలుగులో రెండు పేజీలు చాలు. దాన్ని గుంటుపల్లిలో టికెట్లిచ్చే ఉద్యోగి చేతికివ్వండి. వచ్చే ఏడాది మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు అక్కడికి వెళ్లినప్పుడు ఆ రెండు పేజీల దగ్గర్నుంచి మొదలుపెడతారు.