పాలు తేటపడితే మందు పని అయిపోయినట్టు కాదు

(చీడికాడ మండలంలోని గిరిజన పాడి రైతులతో ఒక పశువైద్య సహాయకుడు మాట్లాడిన మాటలు)

ఈరోజు పొదుగువాపు ఒక్కటే మాట్లాడుకుందాం. మన దగ్గర గేదెకి యాంటీబయాటిక్ ఎక్కువగా పడేది దానికే.

పొదుగులో ఒక భాగం గట్టిపడి వేడిగా ఉంటుంది, చెయ్యి వేస్తే గేదె తంతుంది. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండితే పెరుగు తునకల్లాంటివి కనబడతాయి. డాక్టరుగారు చూసి, మూడు రోజులు రోజుకొక ఇంజక్షను అని రాశారనుకోండి. రెండో రోజుకి వాపు తగ్గుతుంది, పాలు తేటపడతాయి. అక్కడే మనం ఆగిపోతాం. "బాగయింది కదా, ఇంకో సూదికి డబ్బులెందుకు" అంటాం.

మందు ముందు చంపేది బలహీనమైన క్రిముల్ని. గట్టివి పొదుగు లోపల ఇంకా మిగిలే ఉంటాయి. మధ్యలో ఆపితే అవే మళ్లీ పెరుగుతాయి. పది పదిహేను రోజులకి వాపు తిరిగొస్తే, ఆ మందు ఈసారి అంత బాగా పనిచెయ్యకపోవచ్చు. మళ్లీ మళ్లీ వస్తే ఆ భాగం గట్టిపడి ఎండిపోతుంది. నాలుగు చన్నుల గేదె మూడు చన్నుల గేదె అవుతుంది. అందుకే వాపు తగ్గినా రాసిన రోజులు పూర్తిచెయ్యాలి. మూడు రోజులూ వేసినా తగ్గకపోతే మీరే మందు మార్చొద్దు, డాక్టరుగారికి చూపించండి. ఊరికి రావాలంటే 1962కి ఫోను చెయ్యండి.

ఇక పాల సంగతి. మందు రక్తంలోంచి పాలల్లోకి దిగుతుంది. ఒక్క చన్నుకే వాపున్నా నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాల్సిందే. కాచితే పోతుందనుకోకండి, మందు పూర్తిగా పోదు. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ పాలు తాగితే దద్దుర్లు రావచ్చు. తోడు పెడితే పెరుగు తోడుకోకపోవచ్చు. తోడుకుంది కదా మందు లేదులే అనుకోవడమూ తప్పే, కొద్దిగా ఉన్నా తోడుకోవచ్చు. కేంద్రంలో అందరి పాలూ ఒకే క్యానులో పోస్తారు. ఒక్కరి చెంబు వల్ల క్యాను మొత్తం పాడవుతుంది.

ఎన్నాళ్లు ఆపాలి? మందు పెట్టె మీద రాసి ఉంటుంది. 2012 నుంచి మన దేశంలో చట్టం ప్రకారం రాయాలి. రాయకపోతే పాలకి కనీసం ఏడు రోజులు ఆపాలని అదే నియమం చెబుతుంది. ఆ రోజులు చివరి సూది నుంచి లెక్క, మొదటి సూది నుంచి కాదు.

ఒక లెక్క చూద్దాం. గేదె పూటా పూటా కలిపి రోజుకి ఐదు లీటర్లిస్తుంది. సోమవారం పొద్దున్న పాలు తీశాక మొదటి సూది, మంగళవారం రెండోది, బుధవారం పొద్దున్న పాలు తీశాక చివరిది. పెట్టె మీద నాలుగు రోజులని ఉంది. సోమవారం సాయంత్రం నుంచి బుధవారం పొద్దున్న దాకా నాలుగు పూటలు. అక్కడి నుంచి ఆదివారం పొద్దున్న దాకా ఎనిమిది. మొత్తం పన్నెండు పూటలు, ముప్పై లీటర్లు. ఆదివారం సాయంత్రం నుంచి అమ్మొచ్చు. పెట్టె మీద ఏమీ లేకపోతే ఏడు రోజులు, అంటే వచ్చే బుధవారం పొద్దున్న దాకా మొత్తం పద్దెనిమిది పూటలు, నలభై ఐదు లీటర్లు. పెట్టె చూసి అడగడంలో మీకు పదిహేను లీటర్లు మిగులుతాయి. మధ్యలో ఆపి వాపు తిరిగొస్తే ఈ నష్టం మళ్లీ మొదటి నుంచీ పడుతుంది.

చదువు రానివాళ్లు పాలు తీసిన ప్రతి పూటా గోడ మీద సుద్దతో ఒక గీత పెట్టండి. గేదె మెడకి ఎర్రగుడ్డ కట్టండి, ఇంట్లో ఎవరు పాలు తీసినా తెలుస్తుంది. ఆ పాలు కూడా పూటా పూటా పూర్తిగా పిండాలి, వదిలేస్తే వాపు ముదురుతుంది. పిండినవి చెరువుకి దూరంగా గుంటలో పొయ్యండి. చేపుకి దూడని వదలాల్సివస్తే క్షణం చూపించి లాగెయ్యండి, వీలుంటే వేరే గేదె పాలు పట్టండి.

ముప్పై లీటర్లు పారబోయడం మనలాంటివాళ్లకి చిన్న దెబ్బ కాదని నాకు తెలుసు. ఆ భారమంతా పేద రైతు మీదే పడటం న్యాయం కాదు. దాని గురించి గ్రామసభలో అడగండి. మందు తీసుకున్న ప్రతిసారీ మాత్రం చీటీ మీద రెండు మాటలు తెలుగులో రాయించుకోండి: సూది ఎన్ని రోజులు, పాలు ఎన్నాళ్లు ఆపాలి. అది మీ హక్కు. రాయడానికి బద్ధకించే నాలాంటివాళ్లని నిలదీయండి.